నాలుగు గంటల పన్నెండు నిమిషాల ఫైలు

ఎండీ గారు స్టోర్ రూము నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి, హాలు మధ్యలో, పెద్ద స్క్రీను ముందు వేయించారు. ఆ హాల్లో యాభై మంది కూర్చుని పరాయి దేశపు సీరియళ్ళకు రంగులు సరిచేస్తారు, సబ్‌టైటిళ్ళు వేస్తారు. యాభై మందికీ చక్రాల కుర్చీలే. ఆ ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఆఫీసుకు ఇంటర్నెట్ లైను ఇచ్చిన లైను మనిషికి.

"కూర్చోండి" అన్నారు ఎండీ గారు. "మీ లైను బ్రహ్మాండంగా ఉందని మీరంటున్నారు కదా. ఇదుగో, ఇవాళ్టి ఎపిసోడ్ నొక్కుతున్నాను. నాలుగు జీబీ. మిగతా డౌన్‌లోడ్లన్నీ ఆపించాను. మీ లైను మొత్తం ఈ ఒక్క ఫైలుదే. ఇది దిగేదాకా మీరిక్కడే ఉండి చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం."

లైను మనిషి కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల వీధుల్లో అరవై మూడు కనెక్షన్లకు సొంతంగా ఫైబరు లాగి, తన చేత్తోనే అతికి నడుపుకుంటున్న మనిషి ఆయన. వయసు యాభై రెండు. స్క్రీను మీద నీలం గీత కదిలిందో లేదో తెలియనంత కదిలింది. దాని కింద "మిగిలిన సమయం: 4 గం. 12 ని." అని పడింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

అద్దాల గదిలోంచి ఇదంతా చూస్తున్నవాడు ఆ సంస్థ నెట్‌వర్క్ ఇన్‌చార్జి. అందరూ ఇన్‌చార్జి గారనే పిలుస్తారు. ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నది స్వయానా అతని అక్క మొగుడు. ఏడేళ్ళ క్రితం, తను డిగ్రీ చేతిలో పెట్టుకుని మూడేళ్ళు ఖాళీగా తిరుగుతున్నప్పుడు, ఇదే ఎండీ గారి దగ్గరికి తీసుకొచ్చి "మావాడు తెలివైనవాడండీ, ఒక అవకాశం ఇవ్వండి" అని చేతులు కట్టుకుని నిలబడినవాడు ఈ బావే. ఆ సంగతి బావ ఏనాడూ ఎత్తలేదు. అక్క మాత్రం ఎత్తని పండగ లేదు, పబ్బం లేదు. మేలు చేసిన మనిషి నోరు మూసుకుని ఉంటే అది ఇంకా బరువు. ఇన్‌చార్జికి ఆ బరువు ఏడేళ్ళుగా భుజం నొప్పిలా ఉండేది. అందుకే బావను ఆ కుర్చీలో చూడగానే అతనికి సిగ్గు వేసింది, జాలి వేసింది, వాటితోపాటు ఎక్కడో ఓ మూల చల్లగా కూడా అనిపించింది. అది కూడా చెప్పాలి కదా.

గొడవ మూడు నెలల నాటిది. అంతకుముందు క్లయింటు సర్వరు పక్క ఊళ్ళోనే ఉండేది. నాలుగు జీబీ ఫైలు ఎనిమిది నిమిషాల్లో దిగేది. మూడు నెలల క్రితం క్లయింటు వాళ్ళు సర్వరును సముద్రాల అవతలికి మార్చుకున్నారు. సరిగ్గా ఆ వారంలోనే వీధిలో రోడ్డు తవ్వితే, బావ తన ఫైబరును పక్కకు జరిపి మూడు చోట్ల కొత్తగా అతికాడు. మర్నాటి నుంచి ఫైళ్ళు నత్తనడక. రెండింట్లో ఏది కంటికి కనిపిస్తుంది? సర్వరు ఎక్కడికి పోయిందో ఎవరు చూశారు? నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కిన లైను మనిషిని మాత్రం వీధంతా చూసింది.

పైగా బావ తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకున్నాడు. మొదటి నెలలో, లైన్లో వచ్చే డేటా ముక్కల్లో, అంటే ప్యాకెట్లలో, వెయ్యికి ఒకటి తప్పిపోతోందని ఇన్‌చార్జి చెబితే, బావ మీటరు పట్టుకుని మూడు అతుకులూ చూశాడు. ఒకటి బాగాలేదు. "నాదే పొరపాటోయ్, దుమ్ము పడ్డట్టుంది" అని ఎండీ గారి ముందే ఒప్పుకుని మళ్ళీ అతికాడు. దూరపు సర్వరుతో పని ఉన్నప్పుడు అలా ఒక్కటి తప్పిపోయినా చేటే. పంపేవాడు బెదిరిపోయి జోరు సగానికి తగ్గించేస్తాడు. మళ్ళీ పుంజుకోవడానికి ఎన్నో రాకపోకలు పడతాయి. బావ సరిచేశాక తప్పిపోవడం పూర్తిగా ఆగింది. అయినా వేగం సెకనుకు రెండువందల కేబీ నుంచి రెండువందల అరవై అయిదుకు పెరిగి అక్కడ ఆగిపోయింది. ఆ లైను అయిదువందల మెగాబిట్లది. అందులో ఇది రెండంటే రెండు మెగాబిట్లు. పక్క ఊరి సర్వరుతో స్పీడ్ టెస్టు చేస్తే నాలుగువందల ఎనభై చూపిస్తుంది.

"నాకు టెస్టులొద్దు, ఫైలు కావాలి" అనేవారు ఎండీ గారు. "అయినా అతుకు పాడైందని నువ్వే ఒప్పుకున్నావు కదయ్యా."

ఆరేళ్ళుగా 'మీరు' అన్న నోటితోనే అప్పటి నుంచి 'నువ్వు' అన్నారు; ఇవాళ కుర్చీ దగ్గర అన్న 'మీరు' వెటకారమే. బావ దాన్ని గమనించనట్టే ఊరుకున్నాడు.

పొద్దున పదీ ఇరవైకి నొక్కిన ఫైలు పదకొండుకు ఆరో వంతు దాకా దిగింది. ఇన్‌చార్జి తన గదిలో కూర్చుని అంకెల వైపు చూస్తున్నాడు. రెండువందల అరవై అయిదు. పైకి పోదు, కిందికి రాదు. ప్యాకెట్లు తప్పిపోతుంటే వేగం పడుతూ లేస్తూ ఉంటుంది. ఇది గీత గీసినట్టుంది. నిన్న అతను క్లయింటు వాళ్ళను బతిమాలి, పరీక్షకని ఒకేసారి పది కనెక్షన్లు తెరిపించాడు. పదీ ఒక్కొక్కటి రెండువందల అరవై అయిదు చొప్పున దిగాయి. అంటే లైన్లో బోలెడంత చోటు ఉంది. ఒక్కో కనెక్షన్‌నే ఎవరో గొంతు పట్టుకుని ఆపుతున్నారు. లైను నిర్దోషి అని నిన్న సాయంత్రమే అతనికి తెలుసు. పూర్తిగా తేలాక చెబుదామని ఊరుకున్నాడు. తేలకముందే ఎండీ గారు కుర్చీ వేయించారు.

అతను కాగితం మీద లెక్క వేశాడు. ఇక్కడి నుంచి సర్వరుకు వెళ్ళి తిరిగి రావడానికి 247 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు నాలుగు రాకపోకలు. సెకనుకు వచ్చే రెండువందల అరవై అయిదును నాలుగుతో భాగిస్తే ఒక్కో విడతకు అరవై అయిదు చిల్లర. అరవై అయిదు వేల అయిదువందల ముప్పై అయిదు బైట్లు. నెట్‌వర్క్ పని చేసేవాడెవడికీ ఆ అంకెను పరిచయం చెయ్యక్కర్లేదు.

ఫైలు దించుకునే మిషను, "నాకు ఒక విడతకు ఇంత పడుతుంది, అంతకుమించి పంపకు" అని అవతలివాడికి చెబుతుంది. దాన్నే విండో అంటారు. అవతలివాడు అంత పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పక్క ఊరయితే కబురు చిటికెలో వస్తుంది, ఆ ఆగడం ఎవరికీ తెలియదు. సముద్రాల అవతలి నుంచయితే కబురు కోసం కాచుకోవడంతోనే కాలమంతా పోతుంది. లైను ఎంత వెడల్పయినా దానికి పని ఉండదు. పాతకాలంలో ఆ విండోకు ఇచ్చిన గడి చిన్నది, 65,535కు మించి రాయడానికి అందులో చోటు లేదు. తర్వాతివాళ్ళు దానికి కిటుకు కనిపెట్టారు. కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు చేసే పలకరింపులోనే, "నేను రాసే అంకెను ఇన్ని రెట్లు చేసి చదువుకో" అని ఇద్దరూ ఒక ముక్క చెప్పుకుంటారు. ఇద్దరూ చెప్పుకుంటేనే చెల్లుతుంది. ఒకడి మాట దారిలో పోయిందా, ఇద్దరూ పాత గడికే కట్టుబడిపోతారు.

ఈ రోజుల్లో ఆ ముక్క చెప్పని మిషను ఉండదు. మరి ఎక్కడ పోయింది?

పదకొండున్నరకు అతను, వచ్చేపోయే ప్యాకెట్లను పట్టి చూడటానికి, రెండు చోట్ల వల వేశాడు. ఒకటి హాల్లోని మిషను దగ్గర, రెండోది తన ఫైర్‌వాల్ అనే కాపలా పెట్టె దాటాక, బావ లైను మొదలయ్యే చోట. పక్క మిషను నుంచి అదే సర్వరుకు కొత్త కనెక్షన్ తెరిచి, రెండు చోట్లా పడ్డ పలకరింపును పక్కపక్కన పెట్టి చూశాడు. లోపల ఆ ముక్క ఉంది: నూట ఇరవై ఎనిమిది రెట్లు. బయట లేదు. అది ఉండాల్సిన చోటును ఖాళీ గుర్తులతో పూడ్చేసి ఉంది.

ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్కటే, తన ఫైర్‌వాల్.

సెట్టింగులు తెరవక్కర్లేకుండానే ఎక్కడుందో అతనికి తెలుసు. రెండేళ్ళ క్రితం ఎక్కడో భద్రత మీద ఏదో చదివి, "అనవసరమైన టీసీపీ ఆప్షన్లు తుడిచెయ్యి" అన్న గడిలో తన చేత్తో టిక్కు పెట్టాడు. ఆప్షన్లంటే పలకరింపులో చెప్పుకునే ఇలాంటి ముక్కలే. వాటిలో విండో సంగతి చెప్పేది అనవసరమైనదా అవసరమైనదా అని ఆ రోజు చూడలేదు. దగ్గరి సర్వరుతో పని కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. "మన నెట్‌వర్కును ఉక్కులా చేశాను సార్" అని ఎండీ గారికి ఇచ్చిన నివేదికలో మొదటి వరుసలో ఉన్నది ఆ టిక్కే. ఆ నివేదిక చూసే ఆయన అతన్ని ఇన్‌చార్జిని చేశారు.

టిక్కు తీస్తే చాలు. కొత్తగా తెరిచిన కనెక్షన్ పరుగులు పెడుతుంది. తలుపు తీసుకుని హాల్లోకి వెళ్ళి, "సార్, దొరికింది, లైను కాదు, నా పొరపాటు" అంటే బావ ఆ కుర్చీలోంచి లేస్తాడు.

అతను లేచాడు కూడా. తలుపు దాకా వెళ్ళాడు. అద్దంలోంచి ఎండీ గారు కనిపించారు. ఈ మూడు నెలల్లో ఆలస్యాలకు క్లయింటు చేత తిట్లు తిని తిని, ఆ మనిషి ముఖం ఎర్రబారిపోయింది. పొద్దున బావను కూడా పిలిపించిన మీటింగులో టేబులు గుద్ది చెప్పారు: "ఇది ఎవరి నిర్వాకమో తేలనీ. ఇంకోచోట కూడా పని దొరక్కుండా చేస్తాను." ఆ మాట అన్నప్పుడు యాభై మందీ బావ వైపే చూశారు. ఇన్‌చార్జి కూడా చూశాడు.

తలుపు పిడి మీద చెయ్యి పెట్టి అంతసేపు నిలబడ్డం అతనికి మర్యాదగా అనిపించలేదు. మంచినీళ్ళ కోసం లేచినట్టు లేచి, నీళ్ళు తాగి, వచ్చి కూర్చున్నాడు.

పన్నెండున్నరకు హాల్లో వాళ్ళు భోజనాలకు లేచారు. కుర్చీ పక్కనుంచి పోతూ ఒకడు "అంకుల్, దిగగానే మమ్మల్ని లేపండి" అన్నాడు. ఇంకొకడు స్క్రీను దగ్గర ఆగి గీతను వేలితో ముందుకు నెట్టినట్టు నటించాడు. అందరూ విరగబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. ఒంటిగంటకు ఒకసారి లేచి అద్దాల గది దగ్గరికి వచ్చి తలుపు కొద్దిగా తీశాడు.

"ఏమోయ్, బాత్‌రూముకు వెళ్ళొచ్చంటావా? ఆయన కదలొద్దన్నాడు."

"వెళ్ళండి బావా, దానికి నన్నడుగుతారేంటి?"

"నీ ఆఫీసు కదా. నా వల్ల నీకు మాట రాకూడదు." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. అతుకులు మూడూ మూడేసి సార్లు చూశాను. వెలుతురు శుభ్రంగా వస్తోంది. నా లైన్లో నాకు తెలియనిది ఏమైనా కనిపించిందా నీకు?"

ఇన్‌చార్జి వెనక స్క్రీను మీద రెండు పలకరింపులూ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. బావకు వెలుతురు తెలుసు, గాజు తీగ తెలుసు, గాలివానలో స్తంభం ఎక్కడం తెలుసు. ఇవి తెలియవు.

"చూస్తున్నాను బావా" అన్నాడు ఇన్‌చార్జి.

"నువ్వు చూస్తే నాకు బెంగ లేదు" అని బావ వెళ్ళిపోయాడు.

రెండున్నర దాటాక ఫైలు పూర్తయింది. ఎండీ గారు చప్పట్లు కొట్టమన్నట్టు చుట్టూ చూశారు. నలుగురైదుగురు కొట్టారు. తర్వాత ఆయన అందరి ముందే ఇన్‌చార్జిని పిలిచారు.

"చుట్టరికం పక్కన పెట్టి చెప్పు. లైనా, కాదా?"

బావ కుర్చీలోంచి ఇన్‌చార్జి ముఖంలోకే చూస్తున్నాడు, పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా.

"లైను మార్చి చూస్తే మంచిది సార్."

అబద్ధం కాదు చూశారా. ఏ ముక్కకు ఆ ముక్క పట్టి చూస్తే అందులో ఒక్క అబద్ధం లేదు. అంత జాగ్రత్తగా అన్నాడు.

"సొంత బావమరిదే చెప్పాడు" అన్నారు ఎండీ గారు బావతో. "ఆదివారం పెద్ద కంపెనీ లైను వస్తుంది. నీ పెట్టె, నీ తీగ ఊడదీసుకుపో."

ఆదివారం మధ్యాహ్నం పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి కొత్త లైను బిగించారు. వాళ్ళు అటు పని చేస్తుంటే ఇన్‌చార్జి తన గదిలో తలుపేసుకుని ఆ టిక్కు తీశాడు. మార్పుల చిట్టాలో తన పేరు పడింది. ఆ చిట్టా చూసేవాడు ఆ సంస్థలో తను తప్ప ఇంకెవరూ లేరు. బావ మెట్ల మీద కూర్చుని తన ఫైబరును చుట్ట చుట్టుకుంటున్నాడు. ఆ పనిలో కూడా తొందర లేదు, ఎక్కడా మడత పడకుండా చుడుతున్నాడు.

"రావయ్యా, చూద్దువుగాని" అని ఎండీ గారే ఆయన్ని పిలిచారు. అదే నాలుగు జీబీ ఫైలు మళ్ళీ నొక్కారు. నీలం గీత అందరూ చూస్తుండగానే పరుగెత్తింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఈసారి చప్పట్లు నిజంగానే మోగాయి. ఎండీ గారు ఇన్‌చార్జి భుజం చరిచారు. "సొంతవాళ్ళని కూడా చూడకుండా చెప్పాడయ్యా వీడు! ఇలాంటివాడు కావాలి" అన్నారు. బావ స్క్రీను వైపే చూస్తూ ఉండిపోయాడు. మూడు నెలలు అందరూ అన్నా నమ్మని మనిషి, చీవాట్లు తిని కూడా నమ్మని మనిషి, ఆ అయిదు నిమిషాల్లో నమ్మేశాడు. కళ్ళెదుట కనిపిస్తుంటే ఎవరు నమ్మరు?

"అయితే నా లైనేనన్నమాట" అన్నాడు. చుట్ట భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

నాలుగు రోజులకు అక్క ఫోను చేసింది. "ఒరేయ్, మీ బావ పనికి వెళ్ళడం లేదురా. నీతో ఏదో మాట్లాడాలట. ఒకసారి రా." ఇన్‌చార్జి ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి వెళ్ళాడు. దారి పొడుగునా భయమే. బావ ఎవరినైనా అడిగాడేమో, ఎవరైనా తెలిసినవాడు చెప్పాడేమో, కాలరు పట్టుకుంటాడేమో. పట్టుకుంటే బాగుండునని కూడా ఒక పక్కన ఉంది.

బావ టేబులు ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అతుకులు వేసే మిషను, మీటరు, ఒక కాగితం. మిషనుకు గుడ్డ కప్పి ఉంది. కాగితం మీద అరవై రెండు పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. కాలరు పట్టుకోలేదు సరికదా, లేచి కుర్చీ జరిపాడు.

"నీకు మొహం ఎలా చూపించాలా అని నాలుగు రోజులు ఆలోచించానోయ్. అంతమందిలో నా పక్కన నిలబడలేక, ఆయన ముందు అబద్ధం చెప్పలేక, ఎంత నలిగిపోయి ఉంటావో. పైగా బాత్‌రూముకు వెళ్ళమంటావా అని నిన్నే అడిగాను."

"అదేం లేదు బావా."

"ఉంది. నాకు తెలుసు" అని మీటరు మీద చెయ్యి వేశాడు. "ఇది అప్పుడు కూడా అంతా బాగుందనే చూపించింది. ఇప్పుడూ బాగుందనే చూపిస్తోంది. ఇంక దీన్ని ఎలా నమ్మను? నా చేతిని ఎలా నమ్మను? ఇరవై ఏళ్ళుగా ఇదే చేత్తో అతికాను. ఎప్పటి నుంచి పాడు చేస్తున్నానో ఏమో. ఈ అరవై రెండు ఇళ్ళలో పిల్లలు చదువుకుంటున్నారు, ఒక ఆసుపత్రి ఉంది, ఇంటి నుంచి పని చేసుకునేవాళ్ళున్నారు. మొహమాటానికి నాతో ఏమీ అనడం లేదేమో వాళ్ళు. నువ్వు వాటన్నిటినీ ఒకసారి చూసి చెప్పు. ఏది ఉంచొచ్చో, ఎవరిని వేరే లైను పెట్టుకోమనాలో. నీ మాటే నాకు మాట."

ఇన్‌చార్జి ఆ కాగితం వైపు చూశాడు. ఏ పేరు దగ్గర వేలు పెట్టినా ఆ లైను బాగుందనే చెప్పాలి. ఒక్కటి బాగుందన్నా, ఇదే చెయ్యి, ఇదే మిషను, ఇదే మీటరు, మరి మీ ఆఫీసుది ఎందుకు పాడైందని అడుగుతాడు. బావ చదువుకోలేదు గానీ తెలివితక్కువవాడు కాదు. అప్పుడు టిక్కు సంగతి చెప్పాలి. ఒక్క ముక్క. చెబితే ఈయన గుడ్డ తీసి మిషను సంచిలో పెట్టుకుని రేపు స్తంభం ఎక్కుతాడు. అక్క అందరికీ చెబుతుంది. ఎండీ గారికి తెలుస్తుంది.

అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. బావ ఇప్పించిన ఉద్యోగం సంగతి ఎప్పటిలా ఎత్తడానికి కాదు, ఈసారి ఆమె మెచ్చుకోవడానికి వచ్చింది.

"అందరూ మొహం మీద బాగుందనేవాళ్ళేరా. నువ్వు ఉండబట్టి ఈయనకి నిజం చెప్పేవాడు ఒకడున్నాడు."

బావ పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. "చెప్పవోయ్. ఏమీ అనుకోను. మొదటిది ఆసుపత్రి."

ఇన్‌చార్జి గొంతు సవరించుకున్నాడు.

"మార్పించేయండి బావా" అన్నాడు. "అన్నీ."

బావ తల ఊపి ఆసుపత్రి పేరు కొట్టేశాడు. తర్వాత దాని కింది పేరు, దాని కిందిది. గీతలు వంకర పోకుండా స్కేలు పెట్టి కొడుతున్నాడు. సగానికి వచ్చాక తల ఎత్తకుండానే "థాంక్సోయ్" అన్నాడు.